ఏనుగు పిల్ల దూడ కాదు, గున్న

ఏనుగు పిల్లను ఏమంటారు? కొంగలు ఆకాశంలో వరుసగా ఎగిరితే? మిడతలు చేను మీద పడితే? ఒక్కో ప్రశ్నకు పది సెకన్లు.

డాలస్ దగ్గర మా ఊళ్లో ఆదివారం తెలుగు తరగతిలో చివరి పది నిమిషాలు ఈ ఆట ఆడిస్తాను. ఉగాదికి, సంక్రాంతికి జరిగే క్విజ్‌లలో కూడా ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. అక్షరాలు సరిగ్గా రాయలేని పిల్లలు కూడా వీటికి చేతులెత్తుతారు. జంతువులంటే అంత సరదా. అయితే వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి చేరే ప్రశ్నల కాగితాలు చూస్తే, వాటిలో చాలావరకు ఇంగ్లీషు జాబితా ముందు పెట్టుకుని ఒక్కో మాటకు తెలుగు అతికించినవే. 'స్కూల్ ఆఫ్ ఫిష్' అంటే 'చేపల బడి' అని ఒక కాగితంలో ఉంది. నిజానికి అక్కడి 'స్కూల్'కు చదువుకునే బడితో సంబంధమే లేదు. గుంపు అనే అర్థంలో డచ్చి భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన వేరే మాట అది. ఇంగ్లీషు పిల్లలే పొరబడే చోట మన అనువాదం ఇంకో అడుగు ముందుకు వేసింది, అంతే.

ఇంతకీ ఆ ఇంగ్లీషు జాబితా ఎక్కడిది? సింహాల గుంపు 'ప్రైడ్', కాకుల గుంపు 'మర్డర్', బాతుల గుంపు 'గాగుల్'. ఇవన్నీ 1486లో ఇంగ్లండులో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అనే పుస్తకంలో ఉన్నాయి. వేట, డేగల పెంపకం గురించి పెద్దింటివాళ్ల కోసం వేసిన పుస్తకం అది. వేటకు వెళ్లినప్పుడు ఏ జంతువుల గుంపును ఏ మాటతో పిలవాలో తెలిస్తేనే మర్యాద తెలిసినవాడని లెక్క. అదే జాబితాలో జడ్జీల గుంపుకు 'సెంటెన్స్' అని, సన్యాసినుల గుంపుకు 'సూపర్‌ఫ్లూయిటీ', అంటే అవసరానికి మించినవాళ్లు, అని కూడా పేర్లు ఇచ్చారు. అంటే సగం మర్యాద, సగం వేళాకోళం. పక్షులపై పరిశోధన చేసేవాళ్లు కాకుల గురించి రాసేటప్పుడు మామూలుగా 'ఫ్లాక్' అంటారే తప్ప 'మర్డర్' అనరు. 'ప్రైడ్' మాత్రం శాస్త్రజ్ఞుల మాటల్లోనూ నిలిచిపోయింది.

కాబట్టి 'కాకుల మర్డర్‌కు తెలుగు ఏమిటి?' అని అడిగితే, దానికి తెలుగులో జవాబు వెతకడం వల్ల ఉపయోగం లేదు. అది ఐదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు చమత్కారం. మన దగ్గర కాకులు గుంపు కడితే మనవాళ్లు పట్టించుకున్నది వాటి సంఖ్య కాదు, అరుపు. అందుకే 'కాకిగోల' అన్నాం. ఒకసారి తరగతికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారు ఒకరు కూర్చున్నారు. కాకుల గుంపును ఏమంటారని అడగ్గానే ఆవిడే ముందుగా, 'గుంపు ఏమిటమ్మా, అది కాకిగోల' అన్నారు. ఆ జవాబుకు నేను మార్కు ఇచ్చాను.

ముందు పిల్లల పేర్ల సంగతి చూద్దాం. మన పిల్లలు చేసే ఫిర్యాదు ఒకటుంది. ఇంగ్లీషులో పప్పీ, కిటెన్, కబ్, కిడ్, ఫోల్, జోయీ అని ఇన్ని మాటలుంటే తెలుగులో అన్నింటికీ 'పిల్ల' ఒక్కటేనా అని. కుక్కపిల్ల, మేకపిల్ల, గుర్రపుపిల్ల, కోడిపిల్ల, చేపపిల్ల. పైగా పిల్లి పిల్ల! ఆ మాట అన్నప్పుడల్లా తరగతిలో నవ్వులే. ఈ ఫిర్యాదులో సగం నిజముంది. ఏ జంతువుకైనా 'పిల్ల' చేర్చితే తప్పు కాదు. కంగారూ పిల్లకు కొత్త తెలుగు పేరు పుట్టించాల్సిన పనేం లేదు, కంగారూ పిల్ల అంటే చాలు. కానీ 'పిల్ల' తర్వాత ఇంకా మాటలున్నాయి. వాటిని ఇంగ్లీషు అచ్చులో పోసి వెతికితే దొరకవు.

మొదటిది 'కూన'. కుక్కకూన, పులికూన, లేడికూన, పందికూన అంటాం. ఇందులో ముద్దు ఎక్కువ. ఇంట్లో పసివాళ్లను 'కూనా' అని పిలిచేది అందుకే. ఏనుగుకు మాత్రం 'గున్న'. గున్న ఏనుగు అన్నా, ఏనుగు గున్న అన్నా సరే. గున్న అంటే పొట్టిగా, గుబురుగా ఉన్న చిన్నది అని కూడా అర్థం. అందుకే గున్నమామిడి అంటాం. ఇక్కడ మన పిల్లలు చేసే మామూలు పొరపాటు ఒకటుంది. ఇంగ్లీషులో ఆవు పిల్లా, ఏనుగు పిల్లా, తిమింగలం పిల్లా అన్నీ 'కాఫ్' కాబట్టి, 'కాఫ్' అంటే దూడ అని నేర్చుకున్న పిల్ల 'ఏనుగు దూడ' అనేస్తుంది. తెలుగులో దూడ పశువులదే, ఆవుదీ గేదెదీ. జూలో ఏనుగు దగ్గర నిలబడి 'దూడ' అని ఎవరైనా అంటే, అది ఇంగ్లీషులోంచి వచ్చిన తెలుగు అని వెంటనే తెలిసిపోతుంది.

'కొదమ' సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. సింహం పిల్లను కొదమసింహం అంటారని దాదాపు ప్రతి క్విజ్ కాగితంలోనూ ఉంటుంది. నిఘంటువుల్లోనూ కొదమ అంటే పిల్ల అనే ఉంది, కాబట్టి తప్పనలేం. కానీ 'కొదమసింహంలా దూకాడు' అన్నప్పుడు మన మనసులో కనిపించేది పాలు తాగే పిల్ల కాదు, జూలు అప్పుడే వస్తున్న పడుచు సింహం. 'కోడె' కూడా ఇలాంటిదే. కోడెదూడ, కోడెత్రాచు, కోడెగాడు. పుట్టిన పిల్ల కాదు, బలం వస్తున్న వయసు. కాబట్టి కళ్లు కూడా తెరవని పిల్ల బొమ్మ చూపించి అడిగితే 'సింహపు పిల్ల' అన్న పిల్లవాడికి పూర్తి మార్కు ఇవ్వాలి.

'పిల్ల' మాట ముందు ఉందా వెనక ఉందా అన్నది కూడా చూడాలి. కాకిపిల్ల అంటే కాకికి పుట్టిన పిల్ల. పిల్లకాకి అంటే ఇంకా లోకం తెలియని చిన్న కాకి. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్న సామెతలో ఉన్నది రెండోదే. 'పిల్ల' ముందుకు వస్తే 'చిన్న' అనే అర్థం వస్తుంది. పిల్లకాలువ అంటాం కదా, దానికి తల్లి ఎవరని ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు సంపద ఉన్న చోటికి వద్దాం. తెలుగు మాటలు సింహాల దగ్గర పొదుపుగా ఉంటాయి, పశువుల దగ్గర పొర్లిపోతాయి. కారణం సులువే. సింహం పక్కింట్లో లేదు, ఆవు మన కొట్టంలో ఉంది. దాని వయసు, ఆడా మగా, పాలిస్తుందా లేదా అన్నదాన్ని బట్టి ఇంటి జరుగుబాటు ఉంటుంది. ఒక్క దూడను తీసుకుని దాని జీవితమంతా మాటల్లో నడిపించి చూపిస్తాను. తరగతిలో కూడా ఇలాగే చెబుతాను, బోర్డు మీద ఒక గీత గీసి.

ఇంకా తల్లి పాలు తాగుతున్నది లేగదూడ. కొన్ని చోట్ల లేగ అంటే చాలు. ఆడదైతే పెయ్య, మగదైతే కోడెదూడ. పెయ్య పెరిగి మొదటిసారి కడుపుతో ఉంటే చూడి ఆవు. మొదటి కానుపు తొలిచూలు. ఈనిన తర్వాత పాలిస్తున్నంత కాలం పాడి ఆవు. పాలు ఆగిపోతే వట్టిపోయిందంటాం. ఎప్పటికీ ఈననిది గొడ్డుటావు. మగవైపు చూస్తే, కోడె పెరిగి పడుచుగా ఉన్నప్పుడు గిత్త. నాగలికి, బండికి కట్టడానికి బీజం తీయించి పనిలో పెట్టినది ఎద్దు. అలా తీయించకుండా మంద కోసం వదిలినది ఆబోతు. దేవుడి పేరున ఒంటి మీద అచ్చు వేసి వదిలేసిన దాన్ని ఎవరూ అదిలించరు, ఏ చేలోనైనా మేస్తుంది. బాధ్యత లేకుండా తిరిగేవాడిని 'అచ్చోసిన ఆంబోతు' అని తిట్టేది అందుకే. ఆ తిట్టు ఇంట్లో విన్న పిల్లలు చాలామందే ఉన్నారు, దాని వెనక కథ తెలిసినవాళ్లు తక్కువ.

గేదె దగ్గరికి వస్తే మాటలు మళ్లీ మారతాయి. ఇంకా ఈనని పడుచు ఆడగేదె పడ్డ. మగది దున్నపోతు. తెలంగాణలో గేదెను బర్రె అంటారు, దాని దూడను దుడ్డె అంటారు. రాయలసీమలో గేదె ఎనుము. అందువల్ల 'గేదె పిల్లను ఏమంటారు' అన్న ప్రశ్నకు ఒకే జవాబు అచ్చువేసి పెట్టుకుంటే, కరీంనగర్ నుంచి వచ్చిన ఇంట్లో పిల్ల సరిగ్గా చెప్పినా తప్పు పడుతుంది. ఇలాంటి చోట పిల్ల చిన్నబోతుంది, ఇంటికి వెళ్లి 'మనం మాట్లాడేది తెలుగు కాదా?' అని అడుగుతుంది. జవాబు కాగితంలో దూడ, దుడ్డె రెండూ రాసి పెట్టడం నిమిషం పని.

ఇంగ్లీషుకు ఈ సంపద లేదని కాదు. టెక్సస్ పశువుల సంతలకు వెళ్లండి. కాఫ్, హీఫర్, స్టీర్, బుల్, కౌ అని ఇంతే నిర్దిష్టంగా మాట్లాడతారు. హీఫర్ మన పెయ్యే, ఇంకా ఈననిది. స్టీర్ బీజం తీసిన మగది, కానీ అక్కడ అది ప్రధానంగా మాంసానికి, ఇక్కడ ఎద్దు నాగలికి. పశువుతో బతికిన వాళ్ల భాష ఏదైనా ఒకే చోట చిక్కబడుతుంది. ఇంకో సంగతి. టెక్సస్‌లో మూపురంతో కనిపించే అమెరికన్ బ్రాహ్మన్ పశువుల జాతిలో గుజరాత్ వైపు జాతులతో పాటు మన ఒంగోలు జాతి రక్తం కూడా ఉంది. ఒంగోలు పశువులనే బయటి దేశాల్లో నెల్లూరు పేరు మీద 'నెలోర్' అంటారు. పక్క రోడ్డు మీద మేస్తున్న ఆ మూపురం చూసి 'గిత్త' అనే మాట చెబితే పిల్లలకు బాగా గుర్తుంటుంది.

ఇక గుంపుల పేర్లు. ఇంగ్లీషు జాబితా ఏ జంతువు అని అడుగుతుంది. తెలుగు, ఆ గుంపు ఏం చేస్తోందని అడుగుతుంది. అసలు తేడా ఇక్కడే ఉంది. 'గుంపు' అన్నింటికీ సరిపోతుంది. పార్వతీపురం మన్యంలోనో చిత్తూరు జిల్లాలోనో ఏనుగులు పొలాల్లోకి వస్తే మన పత్రికలు రాసేది 'ఏనుగుల గుంపు' అనే. దానికి మించి చెప్పాలంటే నాలుగు మాటలు నేర్పితే చాలు.

మంద అంటే మేతకు కలిసి తిరిగేవి, సాధారణంగా వెనక ఒక కాపరి ఉంటాడు. ఆలమంద, గొర్రెల మంద, మేకల మంద. ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో పర్యాటకుల కోసం రోజూ రెండుసార్లు పొడుగు కొమ్ముల పశువులను వీధిలో తోలుకెళ్తారు, గుర్రాల మీద కౌబాయ్‌లు వెనకే వస్తారు. చూసినవాళ్లకు మంద అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సింహాలకు మంద అంటే చెవికి కటువుగా ఉండేది కూడా ఇందుకే, వాటిని తోలేవాడు లేడు.

దండు అంటే సైన్యం. మిడతల దండు, కోతుల దండు. మీద పడి నష్టం చేసేవాటికి ఈ మాట. 2020 వేసవిలో మిడతలు రాజస్థాన్ దాటి మహారాష్ట్ర వరకు వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేశారు. అప్పుడు తెలుగు వార్తల్లో వినిపించిన మాట 'మిడతల దండు'. మిడతల మంద అని ఎవరూ అనలేదు.

బారు అంటే వరుస. చీమల బారు, కొంగల బారు. జనం ఓటు వేయడానికి నిలబడితే 'బారులు తీరారు' అంటాం, అదే మాట. మూక అంటే అదుపులేని గుంపు. కోతిమూక, అల్లరిమూక. మనుషులకు వాడితే తిట్టే. అందుకే జింకల మూక అనం, పాపం అవేం చేశాయి?

ఒకే జంతువు పరిస్థితిని బట్టి మాట మార్చుకోవడం ఇక్కడ పిల్లలకు బాగా నచ్చే ఆట. కోతులు చెట్టు మీద కూర్చుంటే గుంపు, గుడి దగ్గర ప్రసాదం లాక్కుంటుంటే మూక, తోట మీద పడితే దండు. చీమలు గోడ మీద బారు. నేలలో వాటి ఇల్లు చీమలపుట్ట. ఇక్కడ ఒక తేడా చెప్పాలి. పుట్ట, తేనెతుట్టె గుంపుల పేర్లు కాదు, ఉండే చోటు పేర్లు. 'తేనెటీగల గుంపును తేనెతుట్టె అంటారు' అని కొన్ని కాగితాల్లో ఉంటుంది. ఈగలన్నీ ఎగిరిపోయినా తుట్టె కొమ్మకే వేలాడుతుంది కదా, అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో విశేషం, గుంపు సంగతి తెలుగు చాలాసార్లు నామవాచకంలో కాక క్రియలో చెబుతుంది. ఇంగ్లీషువాళ్లు ఈగలకు 'స్వార్మ్' అంటే మనం 'ఈగలు ముసిరాయి' అంటాం. ఒక్క ఈగ ముసరదు, వాలుతుంది. ముసిరాయంటేనే చాలా ఉన్నాయని అర్థం. పిల్లల పుట్టుక కూడా అంతే. ఆవు ఈనుతుంది. కుక్క, పిల్లి పిల్లల్ని పెడతాయి. కోడి గుడ్లు పొదిగి పిల్లల్ని లేపుతుంది. మనుషులు కంటారు. ఈనడం నుంచే 'ఈత' వచ్చింది. రెండో ఈత గేదె అంటే రెండుసార్లు ఈనిందని. పశువు కొనేవాడు మొదట అడిగేది ఎన్నో ఈత అనే. పేర్లు అడిగే క్విజ్‌లో ఈ క్రియలు ఎప్పుడూ రావు, అది లోటే.

మరి పది సెకన్ల ప్రశ్న ఎలా తయారు చేయాలి? నేను చేసే పద్ధతి చెబుతాను. ఇంగ్లీషు మాట చూపించి తెలుగు అడగను. బొమ్మో, సందర్భమో చెప్పి అడుగుతాను. 'సింహాల ప్రైడ్‌ను తెలుగులో ఏమంటారు?' అనే ప్రశ్న తీసేస్తాను, ఎందుకంటే దానికి గుంపు తప్ప జవాబు లేదు. దాని బదులు, 'గొర్రెలు కాపరి వెంట వెళ్తున్నాయి, వాటిని కలిపి ఏమంటారు?' 'కొంగలు గీత గీసినట్టు ఎగురుతున్నాయి, ఒక్క మాటలో?' 'ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దులు?' చివరిదానికి జవాబు కాడెడ్లు. జత ఎద్దులు అన్నా ఒప్పుకుంటాను. కార్డు వెనక జవాబులన్నీ రాస్తాను, ప్రాంతాల మాటలతో సహా. ఏ మాటైనా ఉందో లేదో అనుమానం వస్తే andhrabharati.com లో వెతుకుతాను. అక్కడ బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువులు ఒకేసారి చూడొచ్చు. ఒక్క జాగ్రత్త. నిఘంటువులో ఉన్న ప్రతి మాటా వాడుకలో లేదు. ఆవుదూడకు 'క్రేపు' అని పద్యాల్లో వస్తుంది, దాన్ని ఆరేళ్ల పిల్లకు ఇవ్వను. పదిహేనేళ్ల వాడికి బోనస్ ప్రశ్నగా ఇస్తాను.

పెద్దపిల్లల కోసం రెండు తిరకాసు కార్డులు కూడా పెట్టుకున్నాను. సీతాకోకచిలుక పిల్లను ఏమంటారు? గొంగళిపురుగు. ఒక్కసారిగా నమ్మరు, తర్వాత సైన్స్ క్లాసు గుర్తొస్తుంది. కప్ప పిల్ల? తోకకప్ప. మూడోది తల్లులు వద్దన్నారు కానీ అడుగుతూనే ఉన్నాను. పేను గుడ్డును ఏమంటారు? ఈపి. స్కూల్ నుంచి పేల గురించి చీటీ వచ్చిన వారం ఆ మాట ఎవరూ మరిచిపోరు.

ఇంటి దగ్గర మొదలుపెట్టాలంటే మన చెరువు గట్లే చాలు. వసంతంలో కెనడా బాతులు వెనక పసుపు రంగు పిల్లలను వేసుకుని రోడ్డు దాటుతుంటాయి, కార్లు ఆగుతాయి. ఇంగ్లీషులో పిల్ల 'గాజ్లింగ్', నేల మీద గుంపు 'గాగుల్', ఆకాశంలో వరుస కడితే 'స్కీన్'. చూడండి, ఇక్కడ ఇంగ్లీషు కూడా మనలాగే గుంపు ఏం చేస్తోందో చూసి పేరు మార్చింది. తెలుగులో పిల్ల బాతుపిల్ల, గట్టు మీద ఉన్నప్పుడు బాతుల గుంపు, అక్టోబరులో దక్షిణానికి బయలుదేరి తల మీదుగా వెళ్తుంటే బాతుల బారు.